టిల్ట్ టేబుల్ టెస్ట్ పాజిటివ్ అంటే గుండె జబ్బా?

"మా చెల్లి తరచూ కళ్ళు తిరిగి పడిపోతోంది. ఈసీజీ, ఎకో నార్మల్. ఇప్పుడు టిల్ట్ టేబుల్ టెస్ట్ రాశారు. అందులో ఏం చేస్తారు? పాజిటివ్ వస్తే గుండె జబ్బేనా?"

కాదండి. పాజిటివ్‌లో ఎక్కువగా బయటపడేది రిఫ్లెక్స్ సింకోపీ. గుండె బాగానే ఉంటుంది, బీపీని, గుండె వేగాన్ని అదుపు చేసే నరాల స్పందన కాసేపు తలకిందులవుతుంది.

టెస్టుకు ముందు 2 నుంచి 4 గంటలు ఏమీ తిననివ్వరు. బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి, మోకాళ్ళకి బెల్టులు బిగించి, ఈసీజీ, బీపీ ఆగకుండా చూస్తుంటారు. కనీసం 5 నిమిషాలు అలా పడుకోవాలి. చేతికి సూది పెడితే ఆ నొప్పికే కొందరికి కళ్ళు తిరుగుతాయి కాబట్టి 20 నిమిషాలు ఆగుతారు. తర్వాత బల్లను 60–70 డిగ్రీలు పైకి లేపి, 20 నిమిషాలో ఇంకొంచెం ఎక్కువసేపో నిలబెడతారు. ఈ సమయంలో కాళ్ళు కదపకూడదని మీ చెల్లికి ముందే చెప్పండి. పిక్కలు బిగిస్తే కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ పైకి వెళ్ళిపోతుంది, టెస్టు పాడవుతుంది. అప్పటికీ ఏమీ కాకపోతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇచ్చి ఇంకో 15 నిమిషాలు చూస్తారు.

ఉదాహరణకి, మందు ఇచ్చిన 6 నిమిషాలకి ఆవలింతలు, చెమటలు మొదలయ్యాయనుకోండి. పై బీపీ 115 నుంచి 65కి పడింది, ఆ వెనకే పల్స్ 95 నుంచి 48కి దిగింది, స్పృహ పోయింది. వెంటనే బల్లను పడుకోబెడితే నిమిషంలోపే తేరుకుంటారు. బీపీ ముందు, పల్స్ తర్వాత పడింది, పల్స్ 40 కిందికి వెళ్ళలేదు కాబట్టి దీన్ని టైప్ 1, మిశ్రమ రకం అంటారు. పల్స్ పెద్దగా తగ్గకుండా బీపీ ఒక్కటే పడితే టైప్ 3. గుండె 3 సెకన్లకు మించి ఆగితే టైప్ 2బి అని రాస్తారు. అది చూడగానే కంగారు పుడుతుంది గానీ, చిన్న వయసువాళ్ళకి ఆ ఒక్క మాట మీద పేస్‌మేకర్ పెట్టరు. 40 దాటి, హెచ్చరిక లేకుండా పదేపదే పడిపోయేవాళ్ళ విషయంలోనే ఆలోచిస్తారు.

అంకెలకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో వచ్చేది కూడా ఇలాగే ఉంటుందా?" అచ్చం అలాగే ఉందంటే ఆ పాజిటివ్‌ను నమ్మవచ్చు. ఎప్పుడూ పడిపోనివాళ్ళకి కూడా నైట్రోగ్లిజరిన్ ఇస్తే కొన్నిసార్లు పాజిటివ్ వస్తుంది మరి. బీపీ, పల్స్ ఏమీ పడకుండానే స్పృహ పోయినట్టుంటే అది వేరే సమస్య, దానికి చికిత్స కూడా వేరు. నెగటివ్ వచ్చినంత మాత్రాన రిఫ్లెక్స్ సింకోపీ లేదని కొట్టిపారేయలేరు.

ఒకవేళ ఆమె పరుగెత్తేటప్పుడో, పడుకుని ఉన్నప్పుడో స్పృహ తప్పినా, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉన్నా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అలాంటప్పుడు టిల్ట్ పాజిటివ్ వచ్చినా గుండె లయ పరీక్షలు ఆపకూడదు.