లిఫ్ట్‌లో బరువు మెషీన్ మీద నిలబడితే ముల్లు నిజంగా కదులుతుందా?

"లిఫ్ట్ పైకి వెళ్తే బరువు పెరుగుతుందని, కిందికి వస్తే తగ్గుతుందని చదువుకున్నాం. కానీ లిఫ్ట్‌లో వెళ్తున్నంతసేపూ నాకేమీ తేడా తెలియదు. ఎవరైనా మెషీన్ పెట్టి చూశారా?"

చూశానండీ. ముల్లు కదులుతుంది, కానీ బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు మాత్రమే. మధ్యలో మీకు తేడా తెలియకపోవడమే సరైనది.

మేం ఉండేది కూకట్‌పల్లిలో, తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్. మా అమ్మాయి ఇంటర్‌లో ఇదే పాఠం దగ్గర ఆగిపోతే, రాత్రి పదకొండు దాటాక ఇంట్లో ఉన్న డిజిటల్ మెషీన్ పట్టుకుని లిఫ్ట్ ఎక్కాం. అది పనికిరాలేదు. అంకె ఒకసారి కుదురుకోగానే 62.0 దగ్గర లాక్ అయిపోయింది, పైకి వెళ్లినా కిందికి వచ్చినా అదే. మర్నాడు పక్కింటివాళ్ల దగ్గర స్ప్రింగుతో పనిచేసే ముల్లు మెషీన్ తెచ్చి, ముల్లును ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియో తీశాం.

లిఫ్ట్ పైకి కదలగానే ముల్లు 70 దాకా ఎగిరి, వెనక్కి వచ్చి 67 చుట్టూ ఊగింది. ఆ 70ని లెక్కలోకి తీసుకోకూడదు, అది స్ప్రింగు కుదుపు. సెకను పైచిలుకులోనే ముల్లు 62కి వచ్చేసి, పై అంతస్తు దాకా అక్కడే ఉంది. లిఫ్ట్ ఆగబోతున్నప్పుడు 57కి పడింది. అప్పటికీ మేం పైకే వెళ్తున్నాం!

మెషీన్ చూపించేది పలక మన పాదాలను ఎంత బలంగా నెడుతోందో, అంతే. వేగం పుంజుకుంటున్నప్పుడు పలక నన్ను మోయడమే కాక పైకి తోయాలి కూడా. అందుకే పలక నెట్టే బలం N = m(g + a); ఇక్కడ m నా ద్రవ్యరాశి, g గురుత్వ త్వరణం, a లిఫ్ట్ త్వరణం. నా విషయంలో 5 కిలోల తేడా, అంటే 5 × 9.8 = 49 న్యూటన్ల అదనపు బలం. దాన్ని 62తో భాగిస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.79 మీటర్లు. ఆగేటప్పుడు త్వరణం కిందికి కాబట్టి a రుణాత్మకం.

కిందికి వచ్చేటప్పుడు ఇదంతా తిరగబడింది: బయలుదేరగానే 57, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆగేముందు 67. మా అమ్మాయికి విషయం అర్థమైంది అక్కడే. "నాన్నా, కిందికి వస్తూ కూడా బరువు పెరిగిందే!" అంది. లెక్క చేసేటప్పుడు లిఫ్ట్ ఎటు వెళ్తోందని కాదు, త్వరణం ఎటు ఉందని చూడండి. పరీక్షలో "పైకి వెళ్తూ నెమ్మదిస్తున్న లిఫ్ట్" అని ఇస్తే చాలామంది తప్పు చేసేది అందుకే.

ఇంకో మాట, ఇది స్ప్రింగు మెషీన్‌లా బలాన్ని కొలిచే వాటికే వర్తిస్తుంది. తూకపు రాళ్లు వేసే రెండు పళ్లేల త్రాసు తీసుకెళ్తే ఏ తేడా కనపడదు, ఎందుకంటే రాళ్లూ సరుకూ ఒకే నిష్పత్తిలో బరువెక్కుతాయి.