ప్యాకేజీ మరీ తక్కువ: ఇంటర్వ్యూకి రానని మర్యాదగా రాయడం ఎలా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సీనియర్ టెస్ట్ ఇంజినీర్‌ని. ఇప్పుడు నా సీటీసీ 18 లక్షలు. 22 నుంచి 24 లక్షల ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఒక కంపెనీ గురువారం ఇంటర్వ్యూకి పిలిచింది కానీ మెయిల్‌లో 10–12 లక్షలు అని ఉంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి మా ఇంటి ఖర్చు నెలకు 96 వేలు. వెళ్లనని చెప్పాలి, కానీ పొగరు అనుకుంటారేమోనని టెన్షన్. ఏం రాయాలి?

జవాబు: మెయిల్ రాసే ముందు ఒక లెక్క చూడండి. సీటీసీల మధ్య తేడా చూసి నిర్ణయం తీసుకోకండి, చేతికొచ్చే జీతాల్ని పోల్చండి. బేసిక్ సగం, వేరియబుల్ పే 10 శాతం, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ అనుకుందాం. 12 లక్షల్లోంచి వేరియబుల్ 1,20,000, కంపెనీ కట్టే పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ దాదాపు 29,000 పక్కకు పోతాయి. మిగిలిన 9.79 లక్షల్లో మీ వాటా పీఎఫ్ ఇంకో 72,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 2,400 తీసేస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 75,400. 2025-26 కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు, అయినా ఇంతే.

ఇదే పద్ధతిలో లెక్కేస్తే మీ ఇప్పటి 18 లక్షలకు పన్ను పోను నెలకు సుమారు 1,05,500 వస్తుంది. మీ జీతం స్లిప్పుతో సరిచూసుకోండి. అంటే సీటీసీలో 6 లక్షల తేడా ఉన్నా చేతికొచ్చేదాంట్లో తేడా నెలకు 30 వేలే, ఎందుకంటే పెద్ద జీతంలో వేరియబుల్, పీఎఫ్ కోతలతో పాటు పన్ను కూడా ఎక్కువ. కానీ మీకు ఆ 30 వేలు చాలా పెద్ద మొత్తం. వాళ్లు పూర్తిగా 12 లక్షలిచ్చినా మీ ఇంటి ఖర్చుకే ప్రతి నెలా 20 వేలకు పైగా తక్కువ పడుతుంది. అది క్రెడిట్ కార్డు మీదో, సిప్‌లు ఆపేసో నెట్టుకురావాల్సిందే. కాబట్టి వెళ్లకూడదనే మీ ఆలోచన సరైనదే.

రాసే ముందు ఒక్క విషయం ఫోన్‌లో అడగండి: "మీరు చెప్పిన 10–12 లక్షలు ఫిక్స్‌డా, మొత్తం సీటీసీనా?" మీ విషయంలో ఏ జవాబు వచ్చినా నిర్ణయం మారదు. అయినా అడిగి తెలుసుకుని రాస్తే అపార్థానికి చోటుండదు. తర్వాత ఆ రోజే మెయిల్ పంపండి. గురువారం పొద్దున దాకా ఆగితే ఇంటర్వ్యూ చేసేవాళ్ల టైమ్ అప్పటికే బ్లాక్ అయిపోయి ఉంటుంది, వాళ్లకు కోపం తెప్పించేది నిజంగా అదే. మీరు ఇంగ్లీషులో రాసినా ఈ వరుసలోనే రాయండి:

"నమస్తే మేడమ్,

సీనియర్ టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగానికి నా ప్రొఫైల్ చూసి ఇంటర్వ్యూకి పిలిచినందుకు ధన్యవాదాలు. మీరు తెలిపిన ప్యాకేజీ 10 నుంచి 12 లక్షలు. నేను 22 నుంచి 24 లక్షల మధ్య చూస్తున్నాను. తేడా ఎక్కువగా ఉంది కాబట్టి గురువారం ఇంటర్వ్యూకి రాలేకపోతున్నాను. మీ టీమ్ సమయం వృథా కాకూడదని ముందే చెబుతున్నాను. ఈ బడ్జెట్ మారినా, నా అనుభవానికి తగిన పై స్థాయి ఖాళీ వచ్చినా తప్పకుండా తెలియజేయండి.

ఇట్లు,"

ఇందులో మీ ఇప్పటి జీతం లేదని గమనించారా? కావాలనే వదిలేశాను. 18 లక్షలని రాస్తే రేపు వాళ్లు పై స్థాయి ఉద్యోగంతో పిలిచినా బేరం 18 దగ్గరే మొదలవుతుంది. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పేస్లిప్పులు, ఫామ్ 16 ఎలాగూ అడుగుతారు. ఈఎంఐ, ఇంటి ఖర్చుల గురించి కూడా రాయొద్దు. అవి మీ నిర్ణయానికి కారణాలే కానీ మీ పనికి ధర కావు. "ఈ జీతానికి ఎవరొస్తారు" లాంటి మాట అసలే వద్దు. మీకు మెయిల్ పంపినావిడ ఆ బడ్జెట్ నిర్ణయించి ఉండకపోవచ్చు.

చాలామందికి ఆ తర్వాత ఒక ఫోన్ వస్తుంది: "ముందు ఇంటర్వ్యూకి రండి, ప్యాకేజీ తర్వాత చూద్దాం." 12కీ 13కీ మధ్య తేడా అయితే వెళ్లమనేవాణ్ణి. ఇక్కడ బడ్జెట్ దాదాపు రెట్టింపు కావాలి. "సవరించిన అంకె మెయిల్‌లో పంపండి, వెంటనే వస్తాను" అనండి. జాయినింగ్ బోనస్‌తో సర్దుతామంటే, అది ఒక్కసారి వచ్చే డబ్బని గుర్తుంచుకోండి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు తరచూ ఉంటుంది, ఆఫర్ లెటర్‌లో చూసుకోండి.

ఒకవేళ మీరు ఇప్పటికే రాజీనామా చేసి, చేతిలో వేరే ఆఫర్ లేకుండా నోటీసు పీరియడ్‌లో ఉంటే లెక్క వేరు. 96 వేల చొప్పున ఎన్ని నెలలకు సరిపడా డబ్బు దాచారో చూడండి. ఆర్నెల్లకు ఉంటే పై మెయిల్ పంపేయండి. రెండు నెలలకే ఉంటే గురువారం ఇంటర్వ్యూకి వెళ్లండి, 75 వేల జీతంతో ఏ ఖర్చులు తగ్గించగలరో అంతకుముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.