ఐదుగురికీ ఒకే మెసేజ్

ప్రశ్న: ఓ సపోర్ట్ చాట్‌లో ఈమధ్యే వాలంటీర్‌గా చేరాను. అవతలివాళ్ల మొదటి మెసేజ్‌కి రోజుకో రకంగా జవాబు పెట్టి చూస్తున్నాను. ఎలా మొదలుపెడితే మనుషులు మాట్లాడతారు? ఏది బాగా పనిచేస్తోందో ఎలా తేల్చుకోవాలి?

ముందు ఆ "మీ బాధ నాకు అర్థమైంది" అన్న వాక్యం మీ జవాబుల్లో ఉంటే తీసేయండి. మిగతా సంగతి తర్వాత చూద్దాం.

మనసు బాగోలేనివాళ్లు రాత్రిపూట మెసేజ్ పెట్టుకునే చాట్‌లో నేను నాలుగేళ్లు కూర్చున్నాను. ఫోన్ లేదు, అంతా టైపింగే. చేరిన రెండో వారంలో మా ట్రైనర్ ఓ ఆట ఆడించారు. వయసులో పెద్దావిడ, అందరం అక్కా అనేవాళ్లం. కొత్తవాళ్లం ఐదుగురం వేరువేరు గదుల్లో కూర్చున్నాం. అక్క ఒక కాగితం మీద ఏదో రాసి, మడిచి, కీబోర్డు కింద పెట్టుకుంది. చాట్‌కి వచ్చిన మనిషి దాచుకున్న విషయం అదన్నమాట. దాన్ని అడిగి లాగకూడదు, ఆ మనిషికే చెప్పాలనిపించాలి. తర్వాత ఐదుగురికీ ఒకే మెసేజ్ వచ్చింది:

"హలో. ఏం లేదు, ఐదు రోజులుగా నిద్ర పట్టడం లేదు."

మొదటి అమ్మాయి రూలు తప్పలేదు. "నమస్కారం. మా సేవకు స్వాగతం. మీ సమస్యను వివరంగా తెలపండి." అక్క జవాబు: "సమస్యంటూ ఏం లేదండీ." అంతే, కథ అయిపోయింది. ఆ "తెలపండి" అనే మాట చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దరఖాస్తు ఫారంలో ఉండే మాట అది. నిద్రలేని మనిషిని పట్టుకుని "వివరంగా" అంటే, తన బాధకి హెడ్డింగులు పెట్టుకుని రమ్మన్నట్టే. నోటితో ఎవరైనా "తెలపండి" అంటారా? చెప్పండి అంటారు.

రెండో అతను "ఎందుకు పట్టడం లేదు?" అన్నాడు. "తెలీదు" అని వచ్చింది. ఎందుకు అన్న మాట ఎదురుగా కూర్చుని అడిగితే గొంతులో మెత్తదనం వినిపిస్తుంది. స్క్రీన్ మీద గొంతు ఉండదు కాబట్టి నిలదీసినట్టే ఉంటుంది.

మూడో ఆమె చిన్నచిన్న ప్రశ్నలు వేసింది. ఎన్నింటికి పడుకుంటారు, కాఫీ తాగుతారా, ఫోన్ చూస్తారా. అన్నిటికీ టకటకా జవాబులు వచ్చాయి. పన్నెండు. తాగను. చూస్తాను. చాట్ పొడుగ్గా సాగింది, ఆమె గెలిచాననే అనుకుంది. కాగితం మాత్రం కీబోర్డు కింద కదలకుండా ఉంది.

నాలుగోది నేను. మీ బాధ నాకు అర్థమైందని మొదలుపెట్టి, మీరు ఒంటరి కాదని, ధైర్యం చేసి మెసేజ్ పెట్టినందుకు అభినందనలని పేరా మొత్తం రాశాను. చెరిపి మళ్లీ రాశాను. ఈలోగా అటువైపు "ఉన్నారా?" అని వచ్చి పడింది. నేను పంపాక అక్క పెట్టింది ఒక్క ముక్కే: "నేనింకా ఏమీ చెప్పలేదుగా."

ఐదో అబ్బాయి టైపింగులో నత్త. అందుకే కాబోలు, పొట్టిగా పెట్టాడు. "ఐదు రాత్రులా. పగలు ఆఫీసులో ఎలా నెట్టుకొస్తున్నారో." ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. దానికి అక్క "ఆఫీసు లేదు. అదే." అని పంపి, ఓ క్షణం ఆగి, "ఇంట్లో తెలీదు. రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లిపోతున్నాను" అంది. కాగితంలో ఉన్నది అదే.

నేను ఒప్పుకోలేదు. వీడికి ఆఫీసు మాట అదృష్టం కొద్దీ తగిలిందన్నాను. అక్క ఇంకో కాగితం రాసి, ఆ అబ్బాయితోనే అవే రెండు వాక్యాలు మళ్లీ పెట్టించింది. ఈసారి ఊహ తప్పింది. అయినా "ఆఫీసులో బాగానే ఉంటుందండీ, సాయంత్రం ఇంటికి వెళ్లాలంటేనే..." అని వచ్చింది. అక్కడ నా నోరు మూతపడింది. ఊహ తప్పయితే మనిషి సరిదిద్దుతాడు, ఆ సరిదిద్దడంలోనే అసలు సంగతి బయటికి వస్తుంది. ప్రశ్న వేస్తే జవాబు బాకీ పడ్డట్టు ఉంటుంది, కాబట్టి అడిగినంత వరకే తీర్చేసి ఊరుకుంటారు. మామూలు వాక్యంగా పెడితే, ఎటు వెళ్లాలో వాళ్ల ఇష్టం.

అలాగని చిలకపలుకులు పలకొద్దు. "నిద్ర పట్టడం లేదు" అంటే "మీకు నిద్ర పట్టడం లేదన్నమాట" అనడం. ఇది నేను నెల రోజులు చేశాను. "అదే కదా చెప్పింది" అని ఒకరు చాట్ మూసేసి వెళ్లిపోయారు. వాళ్ల మాటల్లోంచి ఒక ముక్క తీసుకుని, వాళ్లు అనని చిన్న ముక్క ఒకటి జతచేయాలి. రెండు వాక్యాలు దాటకూడదు. వాళ్లు ఆరు మాటలు పెడితే మీరు అరవై పెట్టకూడదు.

ఇక తేల్చుకోవడం. ఇక్కడ మా కోఆర్డినేటర్లతో నాకు ఎప్పుడూ గొడవే. వాళ్లు మెసేజ్‌ల సంఖ్య చూసేవాళ్లు. ఆ లెక్కన మూడో ఆమే మొదటి స్థానంలో ఉంటుంది. చివర్లో ఇచ్చే అభిప్రాయం ఫారం చూసేవాళ్లు. మొదటి జవాబు చూసి వెళ్లిపోయినవాళ్లు ఆ ఫారం దాకా రారుగా, వాళ్ల అభిప్రాయం ఎక్కడ దొరుకుతుంది? నేను చూసేది ఒక్కటే. మీ మొదటి జవాబు తర్వాత వాళ్లు రాసిన దాంట్లో, మీరు అడగనిది ఏమైనా ఉందా? ఉంటే మాట్లాడుతున్నట్టు. లేకపోతే జవాబులిస్తున్నట్టు.

పోల్చేటప్పుడు మనల్ని మనం మోసం చేసుకోవడం మహా తేలిక. రాగానే పేజీ నిండా రాసేవాళ్లు మీరు "ఊఁ" అన్నా మాట్లాడతారు. వాళ్లని కలిపి లెక్కేస్తే ఏ జవాబైనా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. కాబట్టి "హలో", "ఏం లేదు" అని మొదలుపెట్టేవాళ్లని విడిగా పెట్టుకుని, వాళ్ల మధ్యే పోల్చండి. ఇంకోటి, మీ జవాబు ఎంతసేపటికి వెళ్లిందో కూడా పక్కన రాసుకోండి. నా పేరా ఓడిపోయింది అందులోని మాటల వల్లో, "ఉన్నారా?" అనేదాకా ఆగడం వల్లో నేను విడదీసి చెప్పలేను. రెండూ కలిసే వస్తాయి, ఎందుకంటే పొడుగు జవాబు ఆలస్యంగానే వెళుతుంది.

ఒక చోట మాత్రం ఈ పద్ధతి పక్కన పెట్టండి. "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట కనబడితే వాక్యాలల్లుతూ కూర్చోకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తవాళ్లందరికీ టెన్షనే, నాకూ ఉండేది. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే వెంటనే మీ సూపర్‌వైజర్‌ని పిలవండి.

ఈ రాత్రి డ్యూటీ అయ్యాక మీ పాత చాట్ ఒకటి తెరిచి, మీ లైన్ల మీద చెయ్యి అడ్డుపెట్టి, వాళ్ల లైన్లు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. నేను మొదటిసారి అలా చదివినప్పుడు కనిపించింది ఇదీ: ఊఁ, లేదండీ, తెలీదు, సరే, థాంక్స్.