‘మేము’ అన్న మాట నాకు తెచ్చిన తంటా

ఇంటర్వ్యూ పోయాక “నన్ను ఎందుకు తీసుకోలేదు?” అని మెయిల్ రాస్తే జవాబే రావడం లేదేమిటని ఉద్యోగాల వేటలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. సాధారణంగా రాదు. కారణం రాసిస్తే రేపు అది తమ మెడకే చుట్టుకుంటుందేమోనని కంపెనీల భయం. అందుకే “మీకన్నా తగిన అభ్యర్థి దొరికారు” అన్న ఒకే వాక్యాన్ని అందరికీ పంపేస్తారు. అందులో అర్థాలు వెతక్కండి.

జరిగిపోయినదాన్ని వదిలేసి వచ్చేసారి గురించి అడగండి. నేను ఇలా రాసేవాణ్ణి: “మీ నిర్ణయం సరే. ఇలాంటి ఉద్యోగానికే మళ్లీ వెళితే నేను ఏ ఒక్క విషయం సరిచేసుకోవాలంటారు?” ఇది ఒకటి రెండు రోజుల్లోనే పంపాలి. ఆలస్యమైతే మీ జవాబులు వాళ్లకు గుర్తుండవు. ఏజెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు ఫోను చేయడం మేలు. తమ ద్వారా మీకు ఎక్కడో ఒకచోట ఉద్యోగం వస్తేనే వాళ్లకు డబ్బు కాబట్టి, కాగితం మీద పెట్టని మాట నోటితో చెబుతారు. విన్నది నచ్చకపోయినా వాదించకండి, వాదిస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

నాకు అలా ఫోనులో వచ్చిన మాట: “మీ పాత్ర ఏమిటో వాళ్లకు తెలియలేదట.” నా ఇంగ్లీషు బాగాలేదు కాబోలనుకుని రెండు వారాలు ఉచ్చారణతో కుస్తీ పట్టాను. తర్వాతి ఇంటర్వ్యూ అయ్యాకా అదే మాట! అప్పుడు నోటుబుక్కు తీశాను. ఇంటర్వ్యూ అయిన రాత్రే అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు రాసుకునే అలవాటు నాది. చదివితే తప్పు కళ్లకు కట్టింది. “మేము డేటాబేస్ మార్చాం, మేము లోపం కనిపెట్టాం.” ప్రతి వాక్యమూ ‘మేము’తోనే మొదలు. నేను, నేను అంటే గొప్పలు పోయినట్టుంటుందని నోరు రాలేదు. వినేవాడికి మాత్రం ఆ గుంపులో నేనెక్కడున్నానో కనిపించలేదు.

జవాబు మార్చి రాసుకున్నాను: “బృందంలో ఐదుగురం. డేటాబేస్ మార్పిడి నా బాధ్యత. రాత్రి రెండింటికి పని మధ్యలో ఆగిపోయింది. ముందుకు వెళ్లకుండా పాత స్థితికి తేవాలని నిర్ణయించింది నేను. తెల్లారేలోపు తెచ్చాను.” ఐదుగురి పేరూ పోలేదు, నా పనీ తెలిసింది.

ఇంకో సంగతి కూడా ఆ నోటుబుక్కులోనే దొరికింది. “అందులో మీరు చేసిందేమిటి?” అని వాళ్లు నన్ను రెండుసార్లు అడిగారు. ఆ అభిప్రాయం నా ఎదుటే చెప్పారన్నమాట, నేనే వినలేదు.

మూడో ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాలేదు. “వెనక్కి తేవాలని ఎందుకనుకున్నారు?” అని అడిగి, దాని మీదే పావుగంట మాట్లాడారు. ఆ ఉద్యోగమూ రాలేదు లెండి. ఈసారి జీతం దగ్గర కుదరలేదు.