నాలుగో జాము దాకా: శివరాత్రి జాగరణ గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి సీతమ్మధార నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఏడు శివరాత్రికి జాగరణ చేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. గాజువాకలో కొత్త కాపురం, షుగరున్న అత్తగారు, నీకేమో ఇది మొదటిసారి. గుడికి వెళ్లాలా, ఇంట్లోనే చేసుకోవాలా అని అడిగావు. మొదటి ఏడు ఇంట్లోనే చేసుకో. గుడిలో క్యూలో నిలబడితే నిద్ర రాదు నిజమే, కానీ అక్కడ మనల్ని మేలుకొలిపి ఉంచేది చుట్టూ ఉన్న జనం. ఆ రాత్రి లోపల ఏం జరుగుతుందో మొదటిసారి ఇంట్లో చూడు.

ముందు లెక్క చూసుకుందాం. పొద్దు గుంకిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దు పొడిచే దాకా ఉన్న రాత్రిని నాలుగు జాములు చేస్తారు. అందరూ జాముకి మూడు గంటలని ఆరింటికి మొదలుపెట్టేస్తారు. పండగ ఫిబ్రవరి మధ్యలో పడితే మన విశాఖలో సూర్యాస్తమయం సుమారు 5:58కి, మర్నాటి సూర్యోదయం సుమారు 6:24కి. అంటే రాత్రి 12 గంటల 26 నిమిషాలు, ఒక్కో జాము 3 గంటల 6 నిమిషాలు. రెండో జాము 9:04కి, మూడోది 12:11కి, నాలుగోది 3:17కి మొదలవుతాయి. శివుడు జ్యోతిస్తంభంగా వెలసిన లింగోద్భవ కాలం కూడా ఇలాగే వస్తుంది. రాత్రిని 15 ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది, సరిగ్గా నడిమధ్యది. మన లెక్కకి అది 11:46 నుంచి 12:36 దాకా. పండగ తేదీ ముందూ వెనకా అయితే ఈ నిమిషాలు మారతాయి కాబట్టి ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం పంచాంగంలో చూసి నువ్వే వేసుకో. కాగితం మీద రాసి దేవుడి గూటి పక్కన అంటించు. ఆ నాలుగు అంకెలే రాత్రంతా నీకు పట్టు.

మారేడు దళాలు ముందు రోజే తెచ్చుకో. చతుర్దశి నాడు కోయకూడదంటారు. పూర్ణా మార్కెట్లో దొరుకుతాయి గానీ సాయంత్రానికి చిల్లులు పడ్డవే మిగులుతాయి, పొద్దున్నే వెళ్లు. మూడు ఆకులూ కలిసి ఉన్న రెమ్మలు ఏరి, కడిగి, తడి గుడ్డలో చుట్టి పెట్టు. తక్కువైతే కంగారు పడకు. మారేడుకి నిర్మాల్య దోషం లేదు, మొదటి జాములో వేసినవే కడిగి మళ్లీ వేయవచ్చు. మొగలిపువ్వు మాత్రం ఎవరైనా తెచ్చిచ్చినా శివుడికి పెట్టకు. ఆ జ్యోతిస్తంభం పైకొస చూశానని బ్రహ్మ చెప్పిన అబద్ధానికి సాక్ష్యం పలికింది ఆ పువ్వే.

అభిషేకానికి మన ఇంటి పద్ధతి మొదటి జాముకి పాలు, రెండోదానికి పెరుగు, మూడోదానికి నెయ్యి, నాలుగోదానికి తేనె. చిన్న లింగానికి పాలు అర గ్లాసు, పెరుగు చిన్న గిన్నెడు, నెయ్యీ తేనే రెండేసి చెంచాలు చాలు. ఇత్తడి పళ్లెంలో పెట్టి, పానవట్టం మూతి ఉత్తరానికి తిప్పి, సన్నటి ధారగా పోస్తూ ఉండు. ఆ ధార తెగకుండా పంచాక్షరి చెప్పుకో. ప్రతిదాని తర్వాతా మంచినీళ్ల అభిషేకం. నెయ్యి దగ్గర చిన్న చిక్కుంది. ఫిబ్రవరి అర్ధరాత్రి మన ఊళ్లో కూడా నెయ్యి పేరుకుంటుంది, ధార కట్టదు. గిన్నెని పది నిమిషాల ముందు వేడినీళ్లలో పెట్టు. తర్వాత లింగాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, గోరువెచ్చని నీళ్లతో కడిగితేనే జిడ్డు వదులుతుంది. ఈ పనంతా నీ చేత్తో నువ్వే చేసుకో, మీ ఆయనకో ఇంకొకరికో ఒప్పగించకు. అర్ధరాత్రి దాటాక కన్ను నిలబడేది చేతికి పని ఉన్నప్పుడే.

ఇప్పుడు అసలు సంగతి. అర్ధరాత్రి దాకా ఎవరైనా మేలుకుంటారు. చిక్కంతా మూడు నుంచి అయిదింటి మధ్యే. ఆ వేళ ఒంట్లో వేడి బాగా తగ్గిపోతుంది, ఒళ్లు నిద్ర కోసమే తయారై ఉంటుంది. దీనికీ భక్తి తక్కువవడానికీ సంబంధం లేదు. నాకది తెలియక మొదటి ఏడు చాలా బాధపడ్డాను. నాలుగున్నరకి గోడకి ఆనుకుని పద్యాలు చదువుతున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి, పెదాలు కదులుతూనే ఉన్నాయి. చదివిన పాదమే మళ్లీ మళ్లీ చదువుతున్నానని తెలియలేదు. ఏదో కమురు వాసన తగిలి ఉలిక్కిపడి చూస్తే పైట చెంగు కుందికి ఆనుకుని అంచు నల్లగా ముడుచుకుపోయి ఉంది. ఇంకో రెండు క్షణాలైతే ఏమయ్యేదో. ఆ చీర ఇప్పటికీ పెట్టెలో ఉంది.

అందుకే చెబుతున్నాను, గుర్తు పట్టడం నేర్చుకో. ఒకే పాదం రెండోసారి చదివావంటే, మాల మీద లెక్క ఎక్కడుందో తెలియకపోతే, నీకు ఒక చిన్న కునుకు అప్పటికే పట్టేసినట్టే. ఆ క్షణమే లేచి నిలబడు. లైటు పెద్దది వెయ్యి, మొహాన చన్నీళ్లు కొట్టుకో, గదిలో తిరుగుతూ గట్టిగా నామం చెప్పు. దీపాన్ని మాత్రం మొదటి జాము నుంచే నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెం మధ్యలో, నువ్వు ఒరిగినా అందనంత దూరంలో పెట్టు. చీర కంటే పంజాబీ డ్రెస్ నయం, దానికి శివుడేమీ అనుకోడు. ఆ మధ్యాహ్నం మూడు లోపు ఓ గంటన్నర పడుకో. జాగరణ రాత్రికే గాని పగటికి కాదు. ఉపవాసంలో కాఫీ తాగే అలవాటు మీ ఇంట్లో ఉంటే పది, పదకొండు మధ్య ఒకటి తాగు. తెల్లవారుజామున తాగితే మర్నాటి నిద్ర పాడవుతుంది.

ఆ మూడో జాములో చదువుకోవడానికి నీకో కథ చెబుతాను. శివపురాణం కోటిరుద్ర సంహితలోది, బోయవాడి కథ. నువ్వు విన్నదే, కానీ జాములు లెక్కపెట్టుకుంటూ మళ్లీ విను. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు, వాడు నీళ్ల కుండతో మారేడు చెట్టెక్కి కూర్చున్నాడు, కింద లింగం ఉందని తెలియదు. మొదటి జాములో ఒక ఆడజింక వచ్చింది. బాణం ఎక్కుపెట్టగానే చెట్టు కదిలి నీళ్లూ ఆకులూ కింద పడ్డాయి. పిల్లల్ని అప్పగించి వస్తానని జింక మాట ఇచ్చింది, వాడు వదిలాడు. రెండో జాములో దాని తోబుట్టువు, మూడో జాములో మగజింక, అందరిదీ అదే మాట. మూడుసార్లూ వాడు బాణం ఎక్కుపెట్టాడు, మూడుసార్లూ దించాడు. నాలుగో జాములో ఆ జింకలన్నీ పిల్లలతో సహా మాట ప్రకారం వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఆకలి అలాగే ఉంది, వేట కళ్లెదుటే ఉంది, కానీ వాడు బాణం వేయలేకపోయాడు.

పెద్దవాళ్లు దీన్ని తెలియక చేసిన పూజకీ ఫలం ఉందని చెప్పడానికి వాడతారు. నాకు అంతకంటే పెద్ద సంగతి కనిపిస్తుంది. వాడు మేలుకుని ఉన్నది ఆకలి కోసం, వాడి కాపలా జింకల మీద. తెల్లారేసరికి ఆ కాపలా తన చేతిలోని బాణం మీదికి తిరిగింది. శాస్త్రాల్లో నిద్రని అజ్ఞానంతో పోలుస్తారు. సర్వభూతాలకూ ఏది రాత్రో దానిలో సంయమి మేలుకుని ఉంటాడని గీత రెండో అధ్యాయంలో ఉంది. ఆ మాట నాకు ఈ బోయవాడి దగ్గరే అర్థమైంది. కాబట్టి నాలుగో జాములో కోపం వస్తే భయపడకు. వస్తుంది. నిద్ర చాలని ఒంటికి చిన్న మాటే గుచ్చుకుంటుంది, పాత గొడవలు గుర్తొస్తాయి, అత్తగారు పొద్దున అన్న మాట అప్పుడు మోగుతుంది. బాణం ఎక్కుపెట్టావని తెలుసుకుని, ధార పోస్తూ దాన్ని అలా చూస్తూ ఉండు. ఆ రాత్రి నేను నీకు చెప్పగలిగిన సాధన ఇదొక్కటే.

థియేటర్లో సినిమాలు చూస్తూ తెల్లవార్లూ గడిపేవాళ్లు మన ఊళ్లో చాలామంది. వాళ్లని నేను తప్పుపట్టను, కానీ అక్కడ తెర మనల్ని మనకి కనబడనివ్వదు. అందుకే దాన్ని జాగరణలో లెక్కవేయలేను.

అత్తగారి విషయంలో మొహమాటపడకు. షుగరు మాత్రో ఇన్సులినో వేసుకుని కడుపు మాడ్చుకుంటే రాత్రి చక్కెర పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, తికమక మాటలు, మగత. చూసేవాళ్లకి నిద్రమత్తులాగే ఉంటుంది, అదే ప్రమాదం. ఆవిడ జోగుతుంటే ముందు ఒళ్లు పట్టి చూడు. చల్లగా, చెమటగా ఉంటే వ్రతం సంగతి పక్కన పెట్టి, మింగగలిగిన స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు, మీటరుంటే చూడు. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లు. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఇంతదాకా రాకుండా ఉండాలంటే ఆ రోజు మాత్ర ఎంత వేసుకోవాలో ముందే ఆవిడ డాక్టరుని అడిగి, ఉడకబెట్టిన చిలగడదుంపలు, పాలు వేళకి పెట్టు. ఉపవాసం ఆవిడకి అంతవరకే.

ఇంక అప్పికొండ. సోమేశ్వరస్వామి దర్శనం, సముద్రస్నానం అని మీ ఆయన తెల్లవారగానే బైక్ తీస్తానన్నాడట. వద్దని గట్టిగా చెప్పు. 24 గంటలు నిద్రలేని మనిషి కన్నూ చెయ్యీ రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాడిలా పనిచేస్తాయని పరీక్షించి తేల్చారు. మన చట్టం బండి నడపడానికి ఒప్పుకునేది 0.03 శాతం వరకే. ఆ మత్తుతో అలల్లోకి దిగడం ఇంకా ప్రమాదం, మన తీరంలో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. వెళ్లాలని ఉంటే పారణ చేసి, ఓ నాలుగు గంటలు పడుకుని, మధ్యాహ్నం ఆటోలో వెళ్లండి. పారణకి పెసరపప్పు, మెత్తటి అన్నం, మజ్జిగ చాలు. ఖాళీ కడుపులో పులిహోర వద్దు.

3:17కి తేనె గిన్నె చేతిలోకి తీసుకోగానే నాకు ఒక్క రింగ్ ఇవ్వు. ఎత్తను. నేనూ ఇక్కడ అదే జాములో ఉంటాను.

నీ పెద్దమ్మ