ఉద్యోగం మారాలనుకోని సీనియర్ ఇంజినీర్‌కి రిక్రూటర్ తొలి మెసేజ్

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చూశాను. నిండా కంపెనీ గొప్పలే, అవతలి మనిషికి కావాల్సింది ఒక్కటీ లేదు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లయితే ఫోన్ చేసి కనుక్కుంటారు. పదకొండేళ్ల అనుభవంతో ఉన్నచోట కుదురుగా ఉన్న బ్యాకెండ్ ఇంజినీర్‌కి ఆ అవసరమేంటి? నీతో మాట్లాడకుండానే 'ఇది నాకు సరిపడదు' అని తేల్చుకోగలిగేలా రాయి.

ముందు హైరింగ్ మేనేజర్‌తో పావుగంట కూర్చో. మొదటి ఆరు నెలల్లో చేయాల్సిన పనేంటి, ఖాళీ ఎందుకొచ్చింది, ఫిక్స్‌డ్ జీతం ఎంతవరకు ఇవ్వగలం అని అడుగు. 'స్కేలింగ్ పని' అంటే ఊరుకోకు, ఎక్కడ ఇరుక్కుందో చెప్పించు. అది బయటికి చెప్పొచ్చో లేదో కూడా అప్పుడే అడిగేయి.

అప్పుడు మెసేజ్ ఇలా వస్తుంది:

"నమస్తే. డేటాబేస్ పార్టిషనింగ్ మీద మీ టాక్ చూశాను. సర్వీస్ ఆపకుండా డేటా తరలించిన భాగం మా పనికి దగ్గరగా ఉంది. మా పేమెంట్స్ లెడ్జర్ మొత్తం ఒకే పోస్ట్‌గ్రెస్ మీద ఉంది, రాత్రి సెటిల్‌మెంట్ ముగిసేసరికి తెల్లారుతోంది. దాన్ని విడగొట్టే పనికి స్టాఫ్ ఇంజినీర్ కావాలి. పీపుల్ మేనేజ్‌మెంట్ లేదు. ఫిక్స్‌డ్ 60 నుంచి 70 లక్షలు, ఈసాప్స్ వేరు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, వారానికి మూడు రోజులు ఆఫీసు. ఆసక్తి ఉంటే డిజైన్ గురించి మా ఇంజినీరింగ్ మేనేజర్‌తో 20 నిమిషాలు మాట్లాడిస్తాను. వద్దనుకుంటే 'వద్దు' అన్నా చాలు."

టాక్ నిజంగా చూసుంటేనే ఆ వాక్యం పెట్టు. 'ఏ భాగం నచ్చింది?' అని అడిగితే దొరికిపోతావు. చూడకపోతే ప్రొఫైల్‌లో ఏ పని చూసి రాస్తున్నావో అదే చెప్పు. 'మీ ప్రొఫైల్ ఆకట్టుకుంది' అనేది ఎవరికైనా అతికే మాట కాబట్టి ఎవరూ నమ్మరు.

జీతం రేంజ్ దాచకు. 40 నుంచి 90 లక్షలని రాసినా దాచినట్టే. ఆఫీసు రోజులు కూడా అంతే: అవి నచ్చక మూడో రౌండ్‌లో తప్పుకుంటే ప్యానెల్ గంటలూ పోతాయి.

కరెంట్ సీటీసీ, నోటీస్ పీరియడ్, అప్‌డేటెడ్ రెజ్యూమే మొదటి మెసేజ్‌లో అడగొద్దు. అవి అప్లై చేసినవాళ్లను అడిగేవి. ఇక్కడ తలుపు తట్టింది నువ్వు. (నోటీస్ 90 రోజులని తేలినా, ఇష్టం పుట్టాక దాని సంగతి చూసుకోవచ్చు.) ఉద్యోగ వివరాలుండే జేడీ కూడా అటాచ్ చేయకు, అడిగితే పంపు.

లింక్డ్‌ఇన్‌లో పరిచయం లేనివాళ్లకు క్రెడిట్ ఖర్చుపెట్టి పంపే ఇన్‌మెయిల్‌కి 90 రోజుల్లోపు జవాబొస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తుంది, అది 'వద్దు' అన్న జవాబైనా సరే. అందుకే వద్దనడం సులువు చేయమంటున్నాను.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి రాయి, అదీ కొత్త వివరం ఉంటేనే. 'చూశారా?' అని గుర్తుచేయడానికైతే వద్దు. ఆఫీసు నంబర్‌కి ఫోన్ చేయడం అసలే వద్దు, పక్కన వాళ్ల మేనేజర్ ఉండొచ్చు. 'ఇప్పుడు కాదు' అంటే కారణం, మళ్లీ ఎప్పుడు అడగమన్నారో మన టీమ్ అంతా అభ్యర్థుల వివరాలు చూసుకునే ఏటీఎస్‌లో ఆరోజే రాసిపెట్టు. లేదంటే వచ్చే వారం మన టీమ్‌లోనే ఇంకొకరు అదే మనిషికి అదే పోస్టు పంపుతారు.

ఇట్లు,
మీ అక్క