స్క్రీన్‌షాట్లు కాదు, వాటి కింది కామెంట్లు పంపు

చిన్నీ,

నీ మొక్కల ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ కోసం నువ్వు పంపిన 42 స్క్రీన్‌షాట్లూ చూశాను. "పిన్నీ, వీటిలో మనం ఏవి చేద్దాం?" అని అడిగావు కదా, ఏదీ వద్దు. కోప్పడుతున్నానని అనుకోకు. వేరేవాళ్లకు బాగా ఆడిన పోస్టుల్ని ఏరుకొచ్చి కుప్ప పోస్తే ఆ కుప్పలోంచి నీకు వచ్చేది వాళ్ల పోస్టే, కాకపోతే రెండు నెలలు ఆలస్యంగా, నీ గొంతుతో. ఇది నేను చేసి మొట్టికాయలు తిన్న పని, అందుకే గట్టిగా చెప్తున్నా.

ఆ సంగతి ముందు చెప్పేస్తాను. మొక్కల కుండీలు అమ్మే ఒకాయన అకౌంట్ అప్పట్లో నేనే చూసేదాన్ని. ఇంకో అకౌంట్‌లో ఒక రీల్‌కి బోలెడు వ్యూస్ వచ్చాయి, కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగిపోతాయని దాని సారాంశం. దాన్ని ఒక పక్క పెట్టుకుని చూస్తూ స్క్రిప్ట్ రాశాను, మాటలు మార్చాను కాబట్టి కాపీ కాదని నా నమ్మకం. పోస్ట్ చేసిన రోజే కామెంట్లలో ఎవరో రెండిటినీ పక్కపక్కన పెట్టారు, షాట్ల వరుస కూడా అదే. పరువు పోవడం అటుంచు, అసలు ఆ చిట్కానే తప్పు! రాళ్ల పొర మీద ఉన్న మట్టి పూర్తిగా తడిసి నిండితే తప్ప నీళ్లు కిందికి దిగవు, పైగా ఆ తడి వేర్లకు ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. అంటే వాళ్ల ఆలోచనతో పాటు వాళ్ల పొరపాటు కూడా ఎత్తుకొచ్చాను. ఎదుటివాళ్ల జవాబు తీసుకుంటే అది నిజమో కాదో నీకు తెలిసే దారి ఉండదు. అదే వాళ్ల దగ్గర చూసేవాళ్లు అడిగిన ప్రశ్న తీసుకున్నావనుకో, జవాబు నువ్వే వెతుక్కోవాలి, కాపీ కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.

సరే, పనిలోకి వద్దాం. అకౌంట్లు ఐదు చాలు. నీ సైజువి రెండు, నీకంటే బాగా పెద్దది ఒకటి, వేరే భాషలో ఇదే పని చేసేది ఒకటి, ఇంకొకటి నీలా అమ్మకుండా ఊరికే మొక్కల గురించి మాట్లాడేది. ఈ ఐదోదాన్ని అందరూ వదిలేస్తారు కానీ మనుషులు మనసు విప్పి అడిగేది అక్కడే, అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువగా రేటే అడుగుతారు.

ఒక్కో అకౌంట్‌వి చివరి 30 రీల్స్ షీట్‌లో రాసుకో: తేదీ, విషయం ఒక్క ముక్కలో, వ్యూస్, కామెంట్లు ఎన్ని. వారం నిండని పోస్టులు వదిలెయ్, వాటికి వ్యూస్ ఇంకా పెరుగుతుంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పైన పిన్ చేసిన మూడు వరకూ పాతవి ఉండొచ్చు, వాటినే కొత్తవి అనుకోకు. ఇప్పుడు వ్యూస్‌ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి 15వది, 16వది ఎంతున్నాయో చూడు, ఆ అకౌంట్ మామూలు స్థాయి సుమారుగా అదే. సగటు తియ్యకు, ఒక్క రీల్ పేలితే సగటు మొత్తం పైకి లేచి నిన్ను మోసం చేస్తుంది. ఆ మామూలుకి మూడు రెట్లు దాటినవాటికి మాత్రం రంగు వెయ్. నీ స్క్రీన్‌షాట్లలో చాలావరకు ఆ పెద్ద అకౌంట్‌వే ఉన్నాయి, వాళ్లకి లక్ష వ్యూస్ రోజువారీ సంగతి, మనకి అది అద్భుతంలా కనిపిస్తుంది. చిన్న అకౌంట్‌లో మామూలు 8,000 ఉన్నచోట 27,000 వచ్చిందంటే అది చూడాల్సిన పోస్ట్.

రంగు పడ్డ ప్రతిదీ మంచిదని కూడా కాదు. ఒకటి 61,000 దాకా వెళ్లింది అన్నావు కదా, తెరిచి చూస్తే అది గిఫ్ట్ పోటీ, ముగ్గురిని ట్యాగ్ చేస్తే కుండీ ఫ్రీ అన్నారు. దాంట్లో మనకి నేర్చుకునేది ఏమీ లేదు, కొట్టెయ్. ఇంకొన్నిటి వెనక డబ్బుండొచ్చు. మెటా యాడ్ లైబ్రరీలో ఆ పేజీ పేరు కొడితే ఇప్పుడు నడుస్తున్న యాడ్స్, ఎప్పుడు మొదలయ్యాయో ఎవరికైనా కనిపిస్తాయి, ఆ రీలే అక్కడ ఉంటే వ్యూస్‌ని నమ్మకు. ఇవన్నీ తీసేశాక ఐదు అకౌంట్లకీ కలిపి పదో పన్నెండో మిగులుతాయి, అంతే. వాళ్లు డిలీట్ చేసిన ఫెయిల్యూర్లు మనకి ఎలాగూ కనిపించవు కాబట్టి ఈ లెక్కలో మనం చూసేదంతా కాస్త అందంగానే ఉంటుంది, అది గుర్తుంచుకుని చదువు.

ఇక్కడిదాకా గంట పని. అసలు టైమ్ పెట్టాల్సింది తర్వాతే.

ఆ 27,000 రీల్ నేను నిన్న రాత్రి కూర్చుని కింది వరకూ చదివాను. ఆకులు పసుపెక్కితే నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో ఎలా తెలుసుకోవాలి అన్నది విషయం, బాగానే చెప్పారు పాపం. 214 కామెంట్లు. సూపర్, హార్ట్ బొమ్మలు, స్నేహితుల ట్యాగులు తీసేస్తే 61 మిగిలాయి. వాటిని వాళ్ల మాటల్లోనే షీట్‌లోకి దించాను, నా మాటల్లోకి మార్చలేదు. ఇది ముఖ్యం. "డ్రైనేజ్ సమస్య" అని నువ్వు రాసుకుంటే అది పాఠం అయిపోతుంది. "నా కుండీకి కన్నం లేదు, గిఫ్ట్ వచ్చింది, పారేయాలనిపించట్లేదు, ఏం చెయ్యను" అని ఒకామె రాసింది. ఆ వాక్యంలోనే నీ రీల్ మొదటి మాట ఉంది. 61లో 23 ఇలా కన్నం లేని కుండీ గురించే. వాళ్లిచ్చిన జవాబు చూశావా? "కన్నం ఉన్నది కొనండి." మూడుసార్లు అదే అంటించి తర్వాత జవాబివ్వడం మానేశారు. ఒకామె తిరిగి "కొనను అంటున్నానుగా" అని పెట్టింది, దానికి 40 లైకులు. కామెంట్‌కి వచ్చిన లైకులు కూడా చూస్తూ ఉండు, నోరు తెరిచి అడగనివాళ్ల ఓట్లు అవి.

మనం వెతకాల్సిన ఖాళీ అంటే ఇది. విషయం ఎవరూ ముట్టుకోకపోవడం కాదు, అందరూ ముట్టుకున్నా ఒక రకం మనిషికి జవాబు దొరక్కపోవడం.

నువ్వు రాసిన రెండో ఐడియా, మట్టి పీహెచ్ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి మనం చెప్దాం అన్నది, దీనికి తిరగబడ్డ కేసు. ఐదు అకౌంట్లలోనూ కామెంట్లు వెతికాను, పీహెచ్ అడిగినవాళ్లు ఒక్కరు లేరు. అందులో ఒక అకౌంట్‌లో కాస్త వెనక్కి వెళ్తే రెండుసార్లు చేశారు, రెండిటికీ వాళ్ల మామూలులో సగం కూడా రాలేదు, ఆపేశారు. స్థలం ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందో ముందు చూడు. ఎవరికీ అక్కర్లేకనా, చేసి చూసి వదిలేశారా, లేక చెయ్యడం కష్టమని ఎవరూ దిగలేదా. మూడోది అయితేనే మనకి పని. కన్నం లేని కుండీ మూడో రకం, ఎందుకంటే దాన్ని సరిగ్గా చూపించాలంటే రోజుల తరబడి షూట్ చెయ్యాలి, అంత ఓపిక వాళ్లకి లేదు.

ఇప్పుడు తయారీ. ఆ రీల్ మూసెయ్. నిజంగా మూసెయ్, సేవ్ లిస్టులోంచి కూడా తీసెయ్, కామెంట్ల షీట్ ఒక్కటే ఉంచుకో. ఒక రోజు ఆగు. తర్వాత ఆ గిఫ్ట్ కుండీ ఆమెకి ఫోన్‌లో చెప్తున్నట్టు జవాబు రాయి: కన్నాలున్న ప్లాస్టిక్ కుండీలోనే మొక్కని ఉంచి దాన్ని ఈ అందమైన కుండీలో కూర్చోబెట్టు, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, అరగంట కారనిచ్చి మళ్లీ లోపల పెట్టు, అడుగున నీళ్లు నిలవనివ్వకు. ఇది కొత్త విషయం కాదు, తెలిసినవాళ్లు బోలెడుమంది చెప్పగలరు. నీది అయ్యేది రుజువుతో. నీ దగ్గర త్రాసు ఉంది, ఒకే రకం మొక్కలు మూడు తీసుకుని పది రోజులు రోజూ ఉదయం తూకం వెయ్, అంకెల్ని కుండీ మీదే చాక్‌పీసుతో రాస్తూ షూట్ చెయ్. తడి కుండీ ఎంత బరువుందో, మట్టి ఆరాక ఎంతకి దిగిందో కళ్లముందు కనిపిస్తుంది. ఎన్ని రోజులకి నీళ్లు పొయ్యాలి అన్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరుకుతుంది, ఆ అంకెలు నీ గదివి, నీ మొక్కలవి. ఒకవేళ మూడింట్లో ఒకటి కుళ్లిపోతే అదీ చూపించు, వేర్లు గోధుమరంగుకి తిరిగి మెత్తబడి వాసన వస్తుంటాయి, అలాంటిది దగ్గరగా చూసినవాళ్లు తక్కువ.

పోస్ట్ చేసే ముందు ఒక పని. వాళ్ల రీల్ మళ్లీ తెరిచి నీదాంతో పోల్చు: మొదటి వాక్యం, షాట్ల వరుస, ఉదాహరణ, కవర్ బొమ్మ. వాళ్లది చూడకపోయి ఉంటే ఈ నాలుగింట్లో ఏవి ఇలా వచ్చేవి కావు? ఒక్కటి ఉంటే ఆ ఒక్కటి మార్చు, రెండుంటే మొత్తం మళ్లీ. ఐడియా ఎవరి సొత్తూ కాదు, చట్టం కాపాడేది వాళ్ల మాటల్ని, బొమ్మల్ని, వీడియోని. కానీ చట్టం దాకా వెళ్లే పనేముంది, ఇద్దర్నీ ఫాలో అయ్యేది ఆ మనుషులే, ఇట్టే పట్టేస్తారు. అలాగే వాళ్ల క్లిప్ వాడి కింద పేరు రాస్తే సరిపోతుందని ఎవరో చెప్పారన్నావు, సరిపోదు, పేరు రాయడం వేరు, అనుమతి అడగడం వేరు.

ఇంకోటి, వాళ్ల కామెంట్లలోకి వెళ్లి "మా దగ్గర జవాబుంది రండి" అని రాయకు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీ రీల్ నీ దగ్గర పెట్టు, అదే మాటలతో ఎవరైనా సెర్చ్ చేస్తే దొరికేలా క్యాప్షన్‌లో "కన్నం లేని కుండీ" అని వాళ్ల మాటే వాడు.

రోజూ ఆ ఐదు అకౌంట్లు చూస్తూ కూర్చోవద్దు, నెలకోసారి చాలు. రోజూ చూస్తే తెలియకుండానే వాళ్ల గొంతు నీకు పట్టేస్తుంది, నాకు పట్టింది. మొక్కల్ని రేపే తూకం మొదలుపెట్టు. మిగతా నాలుగు అకౌంట్ల కామెంట్లు నువ్వు దించి ఆదివారం లోపు షీట్ నాకు పంపు, అక్షర దోషాలు కూడా దిద్దకుండా, వాళ్లు ఎలా రాస్తే అలాగే.

మీ పిన్ని